10/08/2025 అంటే ఆగస్టు పదా, అక్టోబర్ ఎనిమిదా? మన జిల్లాల అకౌంటెంట్లకి ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జీఎస్టీ పనులు చూసే అకౌంటెంట్ మిత్రులకి, టాక్స్ కన్సల్టెంట్ అన్నలకి, నెట్ సెంటర్లు నడుపుకుంటూ షాపులవాళ్ళకి నోటీసులు చదివి తెలుగులో చెప్పే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నమస్కారం.

నేను కూడా మీలో ఒకడినే, రాజాంలో ఉంటాను, జీఎస్టీ రాకముందు వ్యాట్ రోజుల నించి ఇదే పని. ఈ లేఖ ఎందుకు రాస్తున్నానంటే ఒక నోటీసులో ఉన్న ఒకే ఒక్క తేదీని తెలుగులో తప్పు చెప్పడం వల్ల ఒక షాపాయన నష్టపోయాడు, ఆ నష్టం నా కళ్ళముందే జరిగింది, అలాంటిది మనందరి చేతుల మీదగా రోజూ జరుగుతుందేమోనని నాకు భయంగా ఉంది.

ఆయనకి పైపులు, మోటార్లు, వైర్ల షాపు. చిన్నదే, ఆయనా ఒక కుర్రాడూ ఉంటారు. ఆగస్టు 19న నా దగ్గరకి వచ్చాడు, జులై నెల 3Bకి మర్నాడు ఇరవయ్యో తారీకు ఆఖరు కదా, ఆ లెక్కలు పట్టుకుని. కాగితాలన్నీ ఇచ్చేసి లేవబోతూ ఫోన్ తీసి ఒక పీడీఎఫ్ చూపించి "బాబూ, ఇదోటి వచ్చినాది, కంగారేటి లేదులే, అక్టోబర్ ఎనిమిది దాకా టైమున్నాది" అన్నాడు. ఎవరు చెప్పారండీ అంటే వాళ్ళ మేనల్లుడు డాలస్‌లో ఉద్యోగం, ఆ అబ్బాయికి వాట్సాప్ చేస్తే పాపం రాత్రి పన్నెండింటికి లేచి మొత్తం చదివి తెలుగులో టైపు చేసి పంపాడంట. నేను ఆ మెసేజ్ చూసాను, చక్కగానే రాసాడు, ఒక్కటే తప్పు. నోటీసులో జవాబు ఇవ్వాల్సిన తేదీ దగ్గర 10/08/2025 అని ఉంది. అమెరికాలో నెల ముందు రాస్తారు, రోజు తర్వాత రాస్తారు కదా, ఆ అబ్బాయి అలవాటు కొద్దీ "2025 అక్టోబర్ 8 లోపు జవాబు ఇవ్వాలి మావయ్యా" అని రాసేసాడు. మన దగ్గర అది ఆగస్టు 10. అప్పటికే తొమ్మిది రోజులు అయిపోయింది.

వెంటనే ఆయన లాగిన్ తెరిపించాను. ఇలాంటివి ఎక్కడుంటాయో తెలిసినవాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా:

```
Services > User Services > View Additional Notices/Orders
```

అక్కడ రెండు కనపడ్డాయి. ఒకటి ఆయన ఫోన్‌లో ఉన్న ASMT-10, జులై 11న వచ్చింది. రెండోది DRC-01, షోకాజ్ నోటీసు, ఆగస్టు 18 తేదీతో, అంటే ముందు రోజే పడింది. ఆయనకి రెండోది వచ్చినట్టే తెలీదు.

ముందు ఆ ASMT-10లో అసలు ఏముందో చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తేనే తేదీ ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. మనం నెలనెలా వేసే GSTR-1లో అమ్మకాల బిల్లులు చూపిస్తాం, GSTR-3Bలో పన్ను కడతాం. ఈ రెండూ ఒకే నెలకి ఒకే అంకె రావాలి. ఆఫీసర్ సెక్షన్ 61 కింద రిటర్న్‌లు పరిశీలించి ఈ రెండింటికీ తేడా వస్తే ASMT-10 ఇచ్చి ఎందుకు తేడా వచ్చిందో చెప్పమంటాడు. మన జవాబు ASMT-11లో వెయ్యాలి. జవాబు ఒప్పుకుంటే ASMT-12 ఇచ్చి ఫైలు మూసేస్తారు. అంతే, ASMT-10 అంటే ఇంకా డబ్బు కట్టమన్న డిమాండ్ కాదు, కారణం అడిగే కాగితం.

ఈయన తేడా 2024 ఫిబ్రవరి నెలది. GSTR-1 ప్రకారం పన్ను 1,02,780, 3Bలో కట్టింది 64,440, తేడా 38,340 రూపాయలు. ఆ నెల బిల్లు పుస్తకం, కంప్యూటర్‌లో రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుని గంటన్నర కూర్చున్నాం. చీపురుపల్లి కాంట్రాక్టరు ఒకాయన 1,95,000 సరుకు తీసుకున్నాడు, మొదట మామూలు కౌంటర్ బిల్లుగా కొట్టారు, అది B2C మొత్తంలో కలిసిపోయింది, పది రోజుల తర్వాత ఆ కాంట్రాక్టరు జీఎస్టీ నంబరుతో బిల్లు కావాలంటే దాన్నే B2B కింద మళ్ళీ ఎక్కించారు గానీ కౌంటర్ మొత్తంలోంచి తీసెయ్యలేదు. ఒకే అమ్మకం రెండుసార్లు. దాని మీద 18 శాతం అంటే 35,100. అంటే ఈ ముక్క వరకు ఆయన గవర్నమెంటుకి పైసా బాకీ లేడు. మిగతా 3,240 ఏంటా అని చూస్తే ఆ ఏడాది ఫిబ్రవరికి 29 రోజులు, 3B లెక్క తీసిన షీట్ మాత్రం 28తో ఆగిపోయింది, 29న కౌంటర్ అమ్మకం 18,000 అందులో పడలేదు. ఇది నిజంగా తక్కువ కట్టిన పన్నే, కట్టాల్సిందే, సెక్షన్ 50 ప్రకారం 18 శాతం వడ్డీతో.

రిటర్న్‌లోనే సరిచేసేద్దాం అంటే కుదరదు, 2023-24 సంవత్సరం బిల్లులు సవరించుకునే అవకాశం 2024 నవంబర్ 30తోనే పోయింది. ఇక మిగిలింది ఒకటే దారి, కాగితాలు చూపించి చెప్పుకోవడం. కాంట్రాక్టరు బిల్లు, ఆయన ఖాతా, ఆ డబ్బు ఒకేసారి బ్యాంకులో పడినట్టు స్టేట్‌మెంట్, ఆ నెల కౌంటర్ రిజిస్టరు. ఇవి నాలుగూ పెట్టి ఆగస్టు 10 లోపల ASMT-11 వేసి, 3,240 వడ్డీతో DRC-03లో కట్టేసి ఉంటే నాకు తెలిసినంతలో ఈ ఫైలు అక్కడితో మూసేసేవారు. అదంతా ఒక పూట పని.

ఇక తేదీ విషయానికి వస్తాను.

ఆ ఒక్క తేదీని ముగ్గురు మూడు రకాలుగా చెప్పారని తర్వాత తెలిసింది. మేనల్లుడు అక్టోబర్ 8 అన్నాడు. షాపు లెక్కలు రాసే పార్ట్‌టైమ్ అబ్బాయి "నోటీసు వచ్చి నెల టైముంటుందండీ" అన్నాడంట. ఆయన భార్య మాత్రం ఆ అబ్బాయి మాట విని శ్రావణ పౌర్ణమి వెళ్ళాక చూద్దాంలే అని మనసులో పెట్టుకుంది. చూడండి, చట్టంలో ఉన్నది 30 రోజులు, నెల కాదు. జులై 11న అందిన నోటీసుకి 30 రోజులు అంటే, అందిన రోజు వదిలేసి లెక్కపెడితే, ఆగస్టు 10. అదే "నెల" అంటే మనిషి ఆగస్టు 11 అనుకుంటాడు, ఎందుకంటే జులైకి 31 ఉంది. ఒక్క రోజు తేడా. ఆ ఒక్క రోజు చాలు గడువు దాటిపోడానికి. పైగా ఆ ఆగస్టు 10 ఆదివారం, అంతకు ముందు రోజు రెండో శనివారం, ఆ శనివారమే శ్రావణ పౌర్ణమి. పౌర్ణమి వెళ్ళాక చూద్దాం అనుకుంటే మిగిలింది ఒక్క ఆదివారం.

మనం రోజూ మాట్లాడే తెలుగులో "నెల్రోజులు", "వారం రోజులు", "పదిహేను రోజుల్లో" అనేవి లెక్కపెట్టి అనే మాటలు కావు, ఉజ్జాయింపు మాటలు. వారంలో ఇచ్చేస్తాను అంటే ఎనిమిదో రోజు ఇచ్చినా ఎవరూ తప్పు పట్టరు. నోటీసులో మాత్రం 7 అంటే 7. GSTR-1కీ 3Bకీ తేడా పెద్దదైనప్పుడు, నిర్ణయించిన మొత్తం, శాతం దాటినప్పుడు, DRC-01B అని ఒకటి కంప్యూటరే పంపుతుంది, దానికి గడువు 7 రోజులే, ఆ లోపు పన్ను కట్టాలి లేదా కారణం చెప్పాలి, ఏదీ చెయ్యకపోతే తర్వాతి నెల GSTR-1 వెయ్యనివ్వదు. అలాంటిదాన్ని "వారంలోపు చూసుకోండి" అని చెప్తే, విన్న షాపాయన వచ్చే సోమవారం అనుకుంటాడు, అసలు గడువు శనివారమై ఉంటుంది.

"లోపు" అనే మాట మీద కూడా ఒక మాట చెప్పాలి. పదో తారీకు లోపు అంటే పది కూడా ఉందా, తొమ్మిదితో అయిపోయిందా? మన ఊళ్ళో పది మందిని అడిగితే సగం మంది ఒకటి, సగం మంది ఇంకోటి చెప్తారు. అప్పు తీర్చేవాడు పది కూడా ఉందంటాడు, ఇచ్చినవాడు లేదంటాడు. అందుకే నేను ఇప్పుడు లోపు, లోగా రెండూ మానేసి "2025 ఆగస్టు 10, ఆదివారం వరకు, ఆ రోజు కూడా కలుపుకుని" అని రాస్తున్నాను. నెల పేరు అక్షరాల్లో, సంవత్సరం, వారం పేరు. వారం పేరు రాస్తే ఇంకో లాభం ఉంది, తేదీ తప్పు టైపు చేస్తే క్యాలెండరుతో సరిపోదు, అక్కడే దొరికిపోతుంది. 10/08 లాంటివి, అంటే ప్రతి నెలా మొదటి పన్నెండు రోజుల తేదీలు, అంకెల్లోనే వదిలేస్తే ఎవడో ఒకడు తిరగేసి చదువుతాడు. 17/09 అయితే ఎవరూ తప్పు చదవలేరు, పదిహేడో నెల లేదు కాబట్టి. మన ఇళ్ళల్లో సగం మంది పిల్లలు ఇప్పుడు బయట దేశాల్లో ఉన్నారు, కాగితం వాళ్ళకి వెళ్తుంది, వాళ్ళ తప్పు కాదు, మనం అంకెల్లో వదిలెయ్యడం తప్పు.

తేదీ ఒక్కటే కాదు, తేదీ చుట్టూ ఉన్న మాటలు తప్పు చెప్పినా గడువు దెబ్బతింటుంది. ఆ మెసేజ్‌లో "మీ రిటర్న్‌లలో అవకతవకలు కనుగొనబడ్డాయి" అని ఉంది. ఆ మాట చదివి ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదంట, తర్వాత అక్టోబర్ అని చూసి ఊపిరి పీల్చుకుని ఫోన్ పక్కన పెట్టేసాడు. మన దగ్గర అవకతవకలు అంటే పేపర్లో వచ్చే మాట, ఎవడో డబ్బు తినేసాడని అర్థం. అసలు నోటీసులో ఉన్నది తేడా, అంతే. రెండు అంకెలు కలవలేదు. మోసం అనలేదు. అలా భయపెట్టే మాట వాడితే మనిషి రెండే పనులు చేస్తాడు, అడగాల్సిన వాళ్ళని అడగకుండా దాచుకుంటాడు, లేదా కట్టక్కర్లేనిది కూడా కట్టేస్తాడు. ఈయన ఆ 38,340 మొత్తం కట్టేసి వదిలించుకుందాం అని కూడా అనుకున్నాడు, అందులో 35,100 ఆయన బాకీయే కాదు.

ఆ ఫారంలో కింద ఒక అచ్చు వాక్యం ఉంటుంది, అందరికీ అదే వస్తుంది. దాన్ని నేను ఇలా చెప్తాను: "పైన చెప్పిన తేడాలకి కారణాలు ఫలానా తేదీకల్లా తెలియజెయ్యండి. ఆ తేదీకి మీ జవాబు రాకపోతే ఈ విషయంలో మీరు చెప్పుకోడానికి ఏమీ లేదని అనుకుంటాం, మళ్ళీ మీకు ఇంకో మాట చెప్పకుండానే చట్ట ప్రకారం చర్య మొదలుపెట్టవచ్చు." ఇందులో మూడు చోట్ల జాగ్రత్త పడాలి. "కారణాలు తెలియజెయ్యండి" అన్నదాన్ని "కట్టండి" అని చెప్పకూడదు. "చెప్పుకోడానికి ఏమీ లేదని అనుకుంటాం" అన్నదాన్ని "తప్పు ఒప్పుకున్నట్టే" అని చెప్పకూడదు, అది వేరే మాట. "మొదలుపెట్టవచ్చు" అన్నదాన్ని "మొదలుపెడతాం" అనీ అనకూడదు, "ఏం చెయ్యర్లే" అనీ అనకూడదు. "మళ్ళీ మీకు ఇంకో మాట చెప్పకుండానే" అన్న ముక్క మాత్రం ఒక్కటి కూడా వదలకూడదు, ఎందుకంటే షాపులవాళ్ళు అందరూ ఇంకోసారి ఫోన్ వస్తుందనే అనుకుంటారు. ఈయనకీ రాలేదు. తొమ్మిదో రోజుకి షోకాజ్ నోటీసు పడి ఉంది.

ఇప్పుడు మనలో అనుభవం ఉన్నవాళ్ళు కూడా తడబడే చోటుకి వస్తున్నాను. ఎన్ని రోజులు అన్నది సరిగ్గా చెప్పినా, ఎప్పటి నించి అన్నది తప్పు చెప్తే మొత్తం తప్పే. ASMT-10కి 30 రోజులు నోటీసు అందిన తేదీ నించి. షోకాజ్ వచ్చాక సెక్షన్ 73లో పన్ను, వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా పోయే 30 రోజులు మాత్రం నోటీసు జారీ చేసిన తేదీ నించి. ఆర్డరు మీద అప్పీలు మూడు నెలలు ఆర్డరు మనకి తెలియజేసిన తేదీ నించి. మూడు కాగితాలు, మూడు రకాల మొదలు. మనమేమో మూడింటినీ "నోటీసు వచ్చిన దగ్గర్నించి" అని ఒకే మాటలో చెప్పేస్తున్నాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను.

ఈయన DRC-01 జారీ అయింది ఆగస్టు 18. అదే నోటీసు పోస్టులో కాగితంగా షాపుకి వచ్చింది ఆగస్టు 25. నోటీసు వచ్చిన 30 రోజులు అని చెప్పి ఉంటే ఆయన 25 నించి లెక్కపెట్టుకుని సెప్టెంబర్ 24 అనుకునేవాడు. జారీ తేదీ నించి లెక్క అయితే సెప్టెంబర్ 17, బుధవారం. వారం రోజుల తేడా. పోర్టల్‌లో పెట్టడం కూడా చట్టప్రకారం నోటీసు అందించడమే అని సెక్షన్ 169లో ఉంది, కాబట్టి పోస్టులో వచ్చిన రోజు పట్టుకుని కూర్చుంటే అందిన తేదీ కూడా తప్పవుతుంది. అందుకని ఇప్పుడు నేను తెలుగులో మూడు మాటలు మూడింటికే వాడుతున్నాను, జారీ చేసిన తేదీ, అందిన తేదీ, తెలియజేసిన తేదీ, ఒకదాని బదులు ఇంకోటి ఎప్పుడూ వాడను, షాపాయనకి కూడా అవే మాటలు అలవాటు చేస్తున్నాను.

DRC-01లోనే ఇంకో రెండు తేదీలు ఉంటాయి, జవాబు ఇవ్వాల్సిన తేదీ ఒకటి, ఆఫీసర్ ముందు స్వయంగా హాజరై చెప్పుకునే తేదీ ఒకటి, టైముతో సహా. ఈయనకి మొదటిది సెప్టెంబర్ 17, రెండోది సెప్టెంబర్ 19 ఉదయం 11 గంటలు. ఒక కన్సల్టెంట్ దగ్గర నేను స్వయంగా చూసాను, ఇవే తేదీలున్న ఇంకో షాపాయనకి తెలుగు చీటీలో "19కి వెళ్ళాలి" అని ఒక్కటే రాసారు. ఆ రోజు జవాబు కూడా చేతికిస్తే సరిపోతుందనుకుని ఆ షాపాయన 17న ఊరుకున్నాడు. రెండు తేదీలుంటే రెండూ రాయాలి, ఏది దేనికో రాయాలి.

పాత తెలుగు కాపీ తీసి పేరు, జీఎస్టీ నంబరు మార్చి ఇచ్చేసేవాళ్ళు కూడా ఇది గమనించండి. 2023-24 వరకు సెక్షన్ 73, 74. 2024-25 నించి వాటి బదులు 74A వచ్చింది, అందులో మోసం లేని కేసుల్లో పెనాల్టీ లేకుండా కట్టుకునే గడువు నోటీసు జారీ నించి 60 రోజులు. పాత కాపీలో 30 అని ఉండిపోతే మనిషికి ఉన్న టైము సగం మనమే తినేసినట్టు, కొత్త కాపీ పాత సంవత్సరానికి వాడితే లేని టైము ఉందని చెప్పినట్టు. నోటీసులో ఏ సంవత్సరం, ఏ సెక్షన్ ఉందో చూడకుండా అంకె రాయొద్దు.

ఇంకో అలవాటు గురించి కూడా రాయాలి, ఇది నేను చేసిన పని. కొన్నేళ్ళ కిందట గడువు పదో తారీకు అయితే ఐదో తారీకు అని చెప్పేవాణ్ణి. మంచికే, ఆఖరి రోజు పరిగెత్తుకుంటూ వస్తారు, పోర్టల్ తిరుగుతూ ఉంటుంది, ఓటీపీ రాదు, ముందే రానీ అని. ఒకసారి పాలకొండ నించి వచ్చే కిరాణా ఆయన ఐదుకి రాలేకపోయాడు, ఎనిమిదికి వచ్చాడు, వేసేసాం, ఏమీ అవలేదు. తర్వాతి నోటీసుకి నేను నిజమైన తేదీ చెప్పాను, ఆయన దానికి నాలుగు రోజులు కలుపుకుని వచ్చాడు. అడిగితే "మీరు ముందు తేదీ చెప్తారు కదండీ" అన్నాడు. ఆ మాట నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఆయన అబద్ధమాడలేదు. అప్పట్నించి తేదీ జరపడం మానేసాను. చట్టంలో ఉన్న తేదీ ఉన్నట్టే రాస్తాను, దాని కింద వేరే లైనులో "నా దగ్గరకి కాగితాలతో రావాల్సిన రోజు" అని ఇంకో తేదీ రాస్తాను. రెండూ వేరు వేరని నోటితో కూడా చెప్తాను. అలాగే ఆఫీసర్‌ని గడువు పెంచమని రాసి అడిగినప్పుడు "పెంచమని అడిగాం" అనే చెప్పాలి. ఆయన పెంచినట్టు కాగితం వచ్చేదాకా పాత తేదీయే తేదీ.

ఇప్పుడు ఏ నోటీసు వచ్చినా నేను పైన ఒక అరపేజీ తెలుగు చీటీ అంటించి ఇస్తున్నాను. ఈయనకి షోకాజ్ మీద రాసిచ్చింది ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నా, కావాలంటే మీరూ వాడుకోండి:

"ఇది DRC-01, షోకాజ్ నోటీసు. 2024 ఫిబ్రవరి నెల GSTR-1కీ GSTR-3Bకీ 38,340 రూపాయల తేడా ఉంది, అది ఎందుకు వసూలు చెయ్యకూడదో చెప్పమని అడుగుతున్నారు. జారీ చేసిన తేదీ 2025 ఆగస్టు 18, సోమవారం. జవాబు DRC-06లో పోర్టల్‌లో వెయ్యడానికి ఆఖరి రోజు 2025 సెప్టెంబర్ 17, బుధవారం, ఆ రోజు కూడా కలుపుకుని. ఆఫీసుకి స్వయంగా వెళ్ళి చెప్పుకునే రోజు 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం, ఉదయం 11 గంటలు. ఈ తేదీలు నోటీసులో ఉన్నవే, నేను మార్చలేదు. నా దగ్గరకి బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని రావాల్సిన రోజు 2025 సెప్టెంబర్ 1, సోమవారం, ఇది నేను పెట్టుకున్న రోజు, చట్టం పెట్టింది కాదు."

చీటీ రాసాక షాపాయన చేతే చదివించి, నోటీసులో ఆ తేదీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటాను. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వస్తాయి కదా. ఈయన వేలు 18/08/2025 మీద పెట్టి "ఇది ఇచ్చిన రోజు", 17/09/2025 మీద పెట్టి "ఇది మనం చెప్పాల్సిన రోజు" అన్నాడు. రెండు నిమిషాల పని.

కేసు ఏమైందో కూడా చెప్పాలి. ఆగస్టు 20నే 3,240 వడ్డీతో కట్టించేసాను, సెప్టెంబర్ 5న జవాబు వేసాం, 19న వెళ్ళి కాంట్రాక్టరు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించాం. ఆఫీసర్ ఓపిగ్గా విన్నాడు, 35,100 ఆర్డరులో తీసేసాడు. 3,240 మీద మాత్రం పెనాల్టీ పడింది. జారీ నించి 30 రోజుల్లోనే కట్టాం కదా అంటే, కొనేవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేసి, కట్టాల్సిన తేదీ దాటిన 30 రోజుల్లో కట్టకపోతే ఆ మినహాయింపు వర్తించదని 73(11)లో ఉంది, అప్పుడు పెనాల్టీ పన్నులో 10 శాతం లేదా 10,000, ఏది ఎక్కువైతే అది. అంటే 3,240 పన్నుకి అంతకు మూడింతలు పైన పెనాల్టీ. షోకాజ్ పడకముందే పన్ను, వడ్డీ కట్టేసి కారణం చెప్పుకుని ఉంటే సెక్షన్ 73 దాకా వెళ్ళాల్సిన పనే ఉండేది కాదు, ఆ ద్వారం ఆగస్టు 10న మూసుకుపోయింది. మేనల్లుడికి ఈ సంగతి చెప్పొద్దని ఆయన నన్ను బతిమాలాడు, పిల్లాడు బాధపడతాడని.

కాబట్టి మిమ్మల్ని నేను అడిగేది ఇదే. మీ దగ్గర ఇప్పుడు తెరిచి ఉన్న ప్రతి నోటీసుకీ ఇలాంటి చీటీ ఒకటి రాసి ఇవ్వండి, ఫోన్‌లో నోటితో చెప్పి వదిలెయ్యకండి. మీ తెలుగు కాపీల్లో వారం, నెల, లోపు అన్న చోట్ల తేదీ వేసి, నెల పేరు అక్షరాల్లో రాసి, ఏ తేదీ నించి లెక్కో రాయండి. మూడు నెలలు అని చట్టంలో ఉంటే 90 రోజులని మార్చకండి, అది వేరే తేదీ అవుతుంది. ఈయన ఆర్డరు నవంబర్ 12న తెలియజేసారు, అప్పీలుకి మూడు నెలలు అంటే 2026 ఫిబ్రవరి 12, 90 రోజులు అని లెక్కేస్తే ఫిబ్రవరి 10 వస్తుంది. ముందు తేదీ కదా నష్టమేంటి అనొద్దు, తేదీ రెండు రకాలుగా చెప్తే ఏది నిజమో ఆయనకి తెలియదు.

అప్పీలుకి వెళ్తాడో లేదో ఆయన ఇంకా తేల్చుకోలేదు, పెనాల్టీలో 10 శాతం ముందు కట్టాలి, తిరగాలి, షాపు ఎవరు చూస్తారు అని ఆలోచిస్తున్నాడు. మొన్న పైపు కోసం వాళ్ళ షాపుకి వెళ్తే కౌంటరు వెనకాల గోడకి కొత్త ఏడాది క్యాలెండరు వేలాడుతోంది, ఫిబ్రవరి పేజీ పైకి తీసి ఉంది, 12 చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి పక్కన ఆయన చేత్తో "గురువారం, ఈ రోజు కూడా ఉంది" అని రాసుకున్నాడు.

ఇట్లు,
రాజాం నించి మీలాంటి ఒక అకౌంటెంట్